యూఏఈలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ పాత కారు అమ్మకం: ఒప్పంద పత్రం, మిగిలే హక్కులు

వాడిన కారును మరమ్మతులు చేయించకుండా, ముందుముందు దేనికీ పూచీ పడకుండా, అమ్మే రోజున ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే ఇచ్చేయడాన్ని ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మకం అంటారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ప్రవాసుల మధ్య చేతులు మారే కార్లలో ఈ పద్ధతి మామూలే. ఉద్యోగం మారినవారు, వీసా రద్దు చేసుకుని ఇంటికి బయలుదేరినవారు కారును నాలుగు రోజుల్లో వదిలించుకోవాలనుకుంటారు. కొనేవారికి తక్కువ ధర కావాలి. ఇద్దరూ ఒక కాగితం మీద ‘కారు చూసుకుని, నడిపి, నచ్చి తీసుకున్నాను, ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు’ అని ఒక్క వాక్యం రాసుకుని సంతకాలు చేస్తారు. ఆ వాక్యంతో అమ్మినవారి బాధ్యత పూర్తిగా తీరిపోయిందని ఇద్దరూ నమ్ముతారు. ఆ నమ్మకం సగమే నిజం. యూఏఈ చట్టంలో ఆ వాక్యం అమ్మినవారిని కాపాడేది వారికి తెలియని లోపాల నుంచి మాత్రమే. తెలిసిన లోపం విషయంలో వారికి రక్షణ ఆ లోపాన్ని కాగితం మీద రాయడమే. కాబట్టి ఈ తరహా అమ్మకానికి మంచి ఒప్పందమంటే పూచీ లేదని గట్టిగా చెప్పేది కాదు, కారు గురించి తెలిసినదంతా చెప్పేది. ఈ మాట ఎందుకు నిలుస్తుందో, ఒప్పందంలో ఏమేం ఉండాలో, ఎంత రాసుకున్నా కొన్నవారికి ఏ హక్కులు మిగులుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టం ఎక్కడి నుంచి మొదలవుతుంది

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు తమతో ఒక అలవాటైన ఆలోచనను తీసుకువెళ్తారు. వస్తువును చూసుకుని కొనడం కొనేవాడి బాధ్యత, తర్వాత అనుకుని లాభం లేదు అన్నది ఆ ఆలోచన. భారతదేశపు 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది. దాని 16వ సెక్షన్ ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మిన సరుకు నాణ్యతకు చెప్పని పూచీ ఏదీ ఉండదు. యూఏఈ చట్టం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అక్కడి పౌర లావాదేవీల చట్టం, అంటే 1985 నాటి 5వ నంబరు ఫెడరల్ చట్టం, 543వ అధికరణలో అమ్మకమంటేనే లోపం లేని వస్తువును అమ్మడమని అంటుంది. వాడుకలో అందరూ సర్దుకుపోయే చిన్న చిన్న లోపాలే దీనికి మినహాయింపు. పాత కారు సీటు మీద గీత, అరిగిన పెడల్ రబ్బరు ఆ కోవలోకి వస్తాయి. గేర్‌బాక్స్‌లో చేరిన నీళ్లు ఆ కోవలోకి రావు. లోపం బయటపడితే కొన్నవారికి ఎంపిక ఉంటుందనే సూత్రం ఇస్లామీయ న్యాయశాస్త్రమైన ఫిఖ్‌లో ఏనాటి నుంచో ఉంది. ఈ చట్టం దాన్నే అధికరణల రూపంలో పెట్టింది. అందువల్ల కాగితం మీద ఏమీ రాసుకోకపోతే బరువు అమ్మినవారి మీదే ఉంటుంది. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతు ఆ బరువును కొన్నవారి మీదికి మారుస్తుంది. ఎంతవరకు మారుస్తుందన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు 544, 545 అధికరణల్లో ఉంది. అమ్మకానికి ముందే ఉన్న లోపం గానీ, ముందే ఉన్న కారణం వల్ల తర్వాత బయటపడ్డ లోపం గానీ చట్టం దృష్టిలో ‘పాత లోపం’. అది దాగి ఉన్నది కూడా అయ్యుండాలి. అంటే పైపైన చూస్తే కనిపించనిది, మామూలు మనిషి పట్టలేనిది, నిపుణుడికో పరీక్షకో తప్ప దొరకనిది. అలాంటి లోపం దొరికితే కొన్నవారు కారును తిరిగి ఇచ్చేయవచ్చు, లేదా ఒప్పుకున్న ధరకే ఉంచుకోవచ్చు. కారును ఉంచుకుని, లోపం ఉందని ధర తగ్గించమని అడగడానికి మామూలుగా వీల్లేదు. ఇక 545వ అధికరణ అమ్మినవారు ఈ బాధ్యత నుంచి ఎప్పుడు బయటపడతారో చెబుతుంది. లోపాన్ని అమ్మేటప్పుడే చెప్పి ఉంటే, కొన్నవారు తెలిసే కొని ఉంటే, తర్వాత తెలుసుకుని కూడా ఒప్పుకుంటే అమ్మినవారికి బాధ్యత లేదు. ఏ లోపానికీ, లేదా ఫలానా లోపానికి, నాకు పూచీ లేదనే షరతు మీద అమ్మినా బాధ్యత ఉండదు. అయితే ఈ చివరి దారికి మాత్రం చట్టం ఒక తలుపు పెట్టింది. అమ్మినవారు లోపాన్ని కావాలని దాచినా, లోపాన్ని తెలుసుకోగల స్థితిలో కొన్నవారు లేకపోయినా ఆ షరతు చెల్లదు. కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు జరిపే వేలాన్ని చట్టం విడిగా చూసి, అక్కడ లోపం క్లెయిమ్‌కు చోటివ్వలేదు.

ఈ మినహాయింపులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. చెప్పి అమ్మినవారి రక్షణకు ఏ షరతూ లేదు. పూచీ లేదని రాయించుకున్నవారి రక్షణ మాత్రం వారి నిజాయితీ మీద ఆధారపడి ఉంది. రెండూ ఒకే అధికరణలో ఉన్నా వాటి బలం ఒకటి కాదు. ఒప్పందం రాసేవారు సాధారణంగా బలహీనమైన రెండోదాన్ని పెద్ద అక్షరాల్లో రాసి, బలమైన మొదటిదాన్ని వదిలేస్తారు.

2024 వరద తర్వాత ఒక కారు

ఈ తేడా ఎంత పని చేస్తుందో ఒక సందర్భంలో పెట్టి చూడవచ్చు. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ పడనంత వాన పడింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలలోపే 254 మిల్లీమీటర్లు నమోదైంది. దుబాయ్, షార్జా రోడ్ల మీద కార్లు నీళ్లలో ఆగిపోయాయి, నేలమాళిగ పార్కింగ్‌లు నిండాయి. సమగ్ర బీమా ఉన్నవారిలో చాలామందికి పరిహారం అందింది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవారికి సొంత కారు నష్టం దాని కింద రాదు. అలాంటివారికి కారును ఆరబెట్టి, శుభ్రం చేయించి, అమ్ముకోవడమే తేలికైన దారిగా కనిపిస్తుంది. వరద కారు లోపం చట్టం చెప్పిన ‘దాగిన పాత లోపం’ నిర్వచనానికి అచ్చంగా సరిపోతుంది. నీళ్లు తగిలిన వైరింగ్ కనెక్టర్లు ఆ రోజే చెడవు. లోపల పచ్చగా తుప్పు పేరుకుని నెలల తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, బ్రేకుల ఏబీఎస్ మాడ్యూల్ పని మానేస్తుంది, కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది.

తెలిసినవారు వీటిని పట్టే పద్ధతి ఒకటుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే, ఎప్పుడూ చుట్టలోనే ఉండే భాగం మీద బురద గీత కనిపిస్తుంది. లోపలంతా కడిగినవారు దాన్ని చాలాసార్లు మరచిపోతారు. సీట్లను నేలకు బిగించిన బోల్టుల మీద తుప్పు, స్టెప్నీ టైరు గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి, కార్పెట్ కింది స్పాంజిలో ముక్క వాసన మిగతా గుర్తులు. ఎండ మండే దేశంలో సీటు బోల్టులు తుప్పు పట్టడానికి మామూలు కారణాలు తక్కువ.

ఊహకు ఒక అమ్మకం అనుకుందాం. 2019 మోడల్ సెడాన్, ధర 42,000 దిర్హాములు, 2024 జులై 10న అప్పగింత. కాగితం మీద ఒకటే వాక్యం: ‘కారు ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను, ఇకపై క్లెయిమ్ ఉండదు.’ అక్టోబరులో ఏబీఎస్ పోయింది. గ్యారేజీలో కార్పెట్ లేపితే ఒండ్రు కనిపించింది. ఇప్పుడు కొన్నవారి హక్కు ఒక్క విషయం మీద ఆధారపడుతుంది. కారు నీళ్లలో మునిగిన సంగతి అమ్మినవారికి తెలుసా, తెలియదా? ఏప్రిల్‌లో కారు వారిదే అయ్యుండి, వారే దాన్ని గ్యారేజీకి పంపి ఉంటే, తెలిసీ చెప్పలేదు. కావాలని దాచినట్టు కోర్టు నమ్మితే ఆ షరతు పడిపోతుంది, కొన్నవారు కారు తిరిగి ఇచ్చి డబ్బు అడగవచ్చు. వారే మే నెలలో మరొకరి దగ్గర కొని, ఏమీ తెలియకుండా జులైలో అమ్మి ఉంటే షరతు నిలుస్తుంది. కొన్నవారికి వారి మీద లోపం క్లెయిమ్ ఉండదు. ఆ వాక్యమే లేకపోతే ఇదే అమాయకుడైన అమ్మకందారు కూడా కారు వెనక్కి తీసుకోవలసి వచ్చేది. షరతు నిజంగా చేసే పని అదే. తెలియక అమ్మినవారిని కాపాడుతుంది, అది న్యాయమే.

మూడో రకం కూడా ఉంది. అమ్మినవారు ఒప్పందంలో ‘2024 ఏప్రిల్ 16న కారు రోడ్డు మీద నిలిచి ఉండగా నీళ్లు సీట్ల దిగువ వరకు వచ్చాయి, ఇంజన్ స్టార్ట్ చేయలేదు, కార్పెట్లు తీసి ఆరబెట్టించాను, వైరింగ్ పరీక్ష చేయించలేదు’ అని రాసి 31,000 దిర్హాములకు అమ్మారనుకుందాం. అక్టోబరులో అదే ఏబీఎస్ పోయినా ఆయన నిశ్చింతగా ఉండవచ్చు. పూచీ లేదనే వాక్యం కూడా ఆయనకు అవసరం లేదు, లోపాన్ని చెప్పడమే ఆయన రక్షణ. అయితే చెప్పింది నిజమంత ఉండాలి. నీళ్లు డాష్‌బోర్డు దాకా వచ్చి ఉండగా ‘కార్పెట్ కాస్త తడిసింది’ అని రాస్తే అది చెప్పినట్టు కాదు. సగం చెప్పి సగం దాచినట్టవుతుంది. కొన్నవారి అనుమానాన్ని నిద్రపుచ్చింది కనుక పూర్తిగా మౌనంగా ఉండటం కంటే అది ఎక్కువ నష్టం తెస్తుంది.

ఒప్పంద పత్రంలో ఉండవలసినవి

మొదట ఎవరు, ఏమిటి అన్నది స్పష్టం కావాలి. కారు తయారీ పేరు, మోడల్, సంవత్సరం, నంబరు ప్లేటుతో పాటు ఛాసిస్ నంబరును ముల్కియాలో ఉన్నట్టు పూర్తిగా రాయాలి. ప్లేటు మారుతుంది, ఛాసిస్ నంబరు మారదు, ప్రమాదాల చరిత్ర వెతికేది దాంతోనే. కారు గల్ఫ్ దేశాల కోసం తయారైనదా, అంటే జీసీసీ స్పెక్‌దా, లేక అమెరికా నుంచో మరో దేశం నుంచో దిగుమతి అయినదా అన్నది ఒక వాక్యంలో ఉండాలి. అమెరికాలో ప్రమాదానికో వరదకో గురై బీమా సంస్థ రద్దు చేసిన కార్లు మరమ్మతై గల్ఫ్ మార్కెట్‌కు రావడం అందరికీ తెలిసినదే కనుక ఈ వాక్యం ధరనే మార్చేస్తుంది. అమ్మేవారి పేరూ ముల్కియాలోని పేరూ ఒకటేనా అని చూడాలి. షార్జాలోని సూక్ అల్ హరాజ్‌లోనైనా, దుబాయ్ అల్ అవీర్‌లోని పాత కార్ల సముదాయంలోనైనా, ముల్కియాలో పేరున్న మనిషి ఒకరు, ఎదురుగా నిలబడి బేరమాడే మనిషి ఇంకొకరు కావచ్చు. ఆ ఎదుటి మనిషి వ్యాపారి అయితే ట్రేడ్ లైసెన్సులోని పేరుతో ఒప్పందంలో అమ్మకందారుగా ఉండాలి. ఇది ఎందుకు ముఖ్యమో హక్కుల భాగంలో తెలుస్తుంది.

తర్వాత అప్పగింత తేదీ, గంట, మీటర్ రీడింగ్ రాయాలి. గంట కూడా ఎందుకంటే, ఆ క్షణానికి ముందు పడ్డ ట్రాఫిక్ జరిమానాలు, సాలిక్ టోల్ బాకీలు అమ్మినవారివి, తర్వాతివి కొన్నవారివి. మీటర్ రీడింగ్ పక్కన ‘నా దగ్గర ఉన్నంతకాలం మీటర్ మార్చలేదు, తిప్పలేదు’ అన్న వాక్యం ఉండాలి. బ్యాంకు రుణం ఉంటే ముల్కియా మీద తాకట్టు నమోదై ఉంటుంది. అది తీరేదాకా యాజమాన్యం మారదు. కాబట్టి రుణం ఎవరు, ఏ డబ్బుతో, ఏ రోజుకు తీరుస్తారో చెప్పాలి. ధర ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతా సొమ్ము మేనేజర్ చెక్కుగానా, బ్యాంకు బదిలీగానా, బదిలీ ఆగిపోతే అడ్వాన్సు ఏమవుతుంది అన్నవి రెండు మూడు వాక్యాల్లో తేలిపోతాయి.

ఒప్పందంలో ఎక్కువ చోటు దక్కవలసింది కారు చరిత్రకు. అమ్మేవారు కొన్ని నిర్దిష్ట ప్రశ్నలకు ఒక్కొక్కటిగా రాతలో జవాబివ్వాలి. కారుకు ప్రమాదం జరిగిందా, ఏ భాగానికి? నీళ్లలో నిలిచిందా, ఎంత ఎత్తు దాకా? ఎయిర్‌బ్యాగ్‌లు ఎప్పుడైనా విచ్చుకున్నాయా, తిరిగి అమర్చారా? ఇంజన్, గేర్‌బాక్స్ మార్చారా? ఇప్పుడు వెలుగుతున్న హెచ్చరిక లైట్లు ఏవి? తెలియనిదానికి ‘నాకు తెలియదు, కారు ఫలానా నెల నుంచే నా దగ్గర ఉంది’ అని రాయాలి. ఆ జవాబుకు కూడా విలువ ఉంది. తెలియని లోపం కొన్నవారి లెక్కలోకి వెళ్తుందని ఇద్దరూ ఒప్పుకున్నట్టు అది చూపిస్తుంది. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడి తర్వాత దాచినదానికి సాక్ష్యంగానూ చదువుకోవచ్చు, అడగనిదానికి సాక్ష్యంగానూ చదువుకోవచ్చు.

కొన్నవారు కారును తనిఖీ కేంద్రంలో చూపించి ఉంటే ఆ నివేదికను తేదీతో సహా ఒప్పందానికి జతచేసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. నివేదికలో కనిపించిన లోపాలు తెలిసి కొన్నవిగా లెక్కకు వస్తాయి, వాటి మీద తర్వాత అడగడానికి ఉండదు. దాంతో పాటు తనిఖీలో చూడనివి ఏవో కూడా రాయాలి. గేర్‌బాక్స్ విప్పలేదు, కార్పెట్ లేపలేదు అన్న మాటలు రెండు పక్షాలకూ ఉపయోగపడతాయి.

ఇవన్నీ రాశాకే ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతు వస్తుంది. అది ఇలా ఉంటే సరిపోతుంది: ‘పైన రాసిన లోపాలతోనూ, జతచేసిన నివేదికలోని లోపాలతోనూ, అమ్మకందారుకు తెలియని ఇతర లోపాలతోనూ కారును ప్రస్తుత స్థితిలో కొనుగోలుదారు తీసుకుంటున్నారు. పైన ఇచ్చిన జవాబుల్లో ఏదైనా అబద్ధమని తేలితే ఈ షరతు ఆ విషయానికి వర్తించదు.’ రెండో వాక్యం వల్ల నిజాయితీగల అమ్మకందారు కోల్పోయేదేమీ లేదు. అది లేకపోయినా చట్టం ఆ మాటే చెబుతుంది. ఒప్పందంలో కనిపిస్తే మాత్రం కొన్నవారికి ధైర్యం, అమ్మినవారికి హెచ్చరిక. చివరగా ఇద్దరి ఎమిరేట్స్ ఐడీ నంబర్లు, ఫోన్, ఈమెయిల్, స్వదేశంలోని శాశ్వత చిరునామా ఉండాలి. కోర్టు భాష అరబిక్ కనుక ఒప్పందాన్ని అరబిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన రాసుకుంటే అనువాదం దగ్గర తగాదా రాదు.

ఎదురయ్యే అభ్యంతరాలు

లోపాలన్నీ రాసిస్తే ధర పడిపోతుంది కదా అన్నది అమ్మేవారి మొదటి అభ్యంతరం. పడుతుంది, నిజమే. పై ఉదాహరణలో 42,000 కాస్తా 31,000 అయింది. కానీ దాచి తీసుకున్న ఆ 11,000 చేతిలో నిలకడగా ఉండే సొమ్ము కాదు. కారు తిరిగి వస్తే 42,000 మొత్తం ఇవ్వాలి, కోర్టు ఖర్చులు పెట్టుకోవాలి, చేతికొచ్చే కారు అప్పటికి 31,000 కూడా చేయదు. పైగా వరద సంగతి దాగే రకం కాదు. బీమా క్లెయిమ్ కోసం పోలీసు సర్టిఫికెట్ తీసుకుని ఉంటే అది అమ్మినవారి పేరు మీదే ఉంటుంది. గ్యారేజీ బిల్లు, రికవరీ ట్రక్కు రసీదు, ఏప్రిల్‌లో స్నేహితులకు పంపిన ఫోటో, ఏవైనా తెలిసే అమ్మారని చూపగలవు. ఎలక్ట్రానిక్ సందేశాలను యూఏఈ సాక్ష్య చట్టం రుజువుగా పరిగణిస్తుంది.

రెండో అభ్యంతరం పాసింగ్ గురించి. దుబాయ్‌లో ఆర్టీఏ బదిలీకి ముందు కారును పరీక్షిస్తుంది, కొన్నవారు తమ పేరున బీమా తీసుకోవాలి, జరిమానాలు తీరాలి. ఇంత జరిగాక వేరే కాగితం దేనికని అడుగుతారు. పాసింగ్ పరీక్ష చూసేది కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని. బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ, ఛాసిస్ స్థితి అందులో ఉంటాయి. కార్పెట్ కింద ఏముంది, గేర్‌బాక్స్ ఇంకెన్నాళ్లు వస్తుంది అన్నవి అందులో లేవు. వరద కారు కనెక్టర్లు తుప్పు పట్టడానికి ముందే పాసింగ్ అయిపోతుంది. బదిలీ పత్రం యాజమాన్యం ఎవరిదో చెబుతుంది, ఎవరు ఎవరికి ఏం చెప్పి అమ్మారో చెప్పదు. ఆ రెండో విషయానికి సొంత ఒప్పందం తప్ప మరో రికార్డు లేదు. పెద్ద మొత్తాల వ్యవహారాల్లో నోటి సాక్ష్యానికి చట్టం హద్దులు పెడుతుంది కాబట్టి ‘పక్కనే మా ఫ్రెండు ఉన్నాడు, విన్నాడు’ అన్నదాని మీద ఆధారపడటం ప్రమాదం.

మూడో అభ్యంతరం బలమైనది. కొన్నవారే మెకానిక్‌ను తెచ్చి చూపించుకున్నారు, ఇంకా దాగింది ఏముంటుంది? ఈ వాదనలో నిజం ఉంది. నిపుణుడు చూసి చెప్పిన లోపం ఇక దాగినది కాదు, కొన్నవారు తెలిసే కొన్నట్టు. అయితే నిపుణుడు చూడనిదాని మీద ఈ వాదన సాగదు. అమ్మినవారు కావాలని దాచినదాని మీద అసలు సాగదు. 186వ అధికరణ ఒక మెట్టు ముందుకు వెళ్లింది. అవతలివారికి తెలిసి ఉంటే ఒప్పందమే చేసుకునేవారు కాదని రుజువయ్యే సంగతిని కావాలని చెప్పకుండా ఊరుకోవడం కూడా మోసపుచ్చడమేనంటుంది. అడగలేదు కనుక చెప్పలేదన్న జవాబు అక్కడ నిలబడదు. అందుకే నివేదిక ఉన్నా జవాబుల పట్టిక కావాలి. నివేదిక కారు చెప్పేది, పట్టిక అమ్మినవారు చెప్పేది.

మిగిలే హక్కులు, వాటి హద్దులు

షరతు ఎంత విస్తారంగా రాసుకున్నా మిగిలే హక్కుల్లో మొదటిది యాజమాన్యానికి సంబంధించినది. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట కారు స్థితి గురించినది, కారు ఎవరిది అన్నదాని గురించి కాదు. మూడో మనిషి వచ్చి కారు నాదని హక్కు రుజువు చేసుకుంటే అమ్మినవారే జవాబుదారీ. రెండోది దాచిన లోపం మీద హక్కు, దాన్ని పైన చూశాం. మూడోది అబద్ధపు మాట మీద హక్కు. మాటతోనో చేతతోనో మోసపుచ్చి, నష్టం భారీగా ఉంటే ఒప్పందాన్ని రద్దు చేయమని అడగవచ్చు. ఒప్పందంలో ‘ప్రమాదం జరగలేదు’ అని రాసి ఉండి, ఛాసిస్ నంబరు మీద పోలీసు రికార్డులో ప్రమాదం కనిపిస్తే రుజువు పని చాలావరకు అయిపోయినట్టే.

నాలుగోది వ్యాపారి నుంచి కొన్నవారికి మాత్రమే ఉండేది. 2020 నాటి 15వ నంబరు ఫెడరల్ వినియోగదారుల రక్షణ చట్టం సరఫరాదారుకు వర్తిస్తుంది. వాడిన సరుకును, లోపమున్న సరుకును అమ్మేటప్పుడు ఆ సంగతి స్పష్టంగా ప్రకటించి, ఒప్పందంలోనో బిల్లులోనో చూపాలని ఆ చట్టం కోరుతుంది. చట్టం తన మీద పెట్టిన బాధ్యత నుంచి తప్పించుకునేలా వ్యాపారి రాసుకున్న షరతు చెల్లదు. కోర్టుకు ముందే వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు చేసే దారి ఉంటుంది. ఇద్దరు ఉద్యోగుల మధ్య అమ్మకానికి ఈ దారి లేదు. వ్యాపారి పాత యజమాని పేరు వెనక దాక్కుని అమ్మితే కొన్నవారు కోల్పోయేది సరిగ్గా ఇదే. ఒప్పందంలో అసలు అమ్మకందారు పేరు ఉండాలనడం అందుకే.

ఈ హక్కులకు గడువు ఉంది. 555వ అధికరణ ప్రకారం అమ్మకందారు ఎక్కువ కాలానికి ఒప్పుకుంటే తప్ప, లోపం మీద దావాను అప్పగించిన నాటి నుంచి ఆరు నెలల్లో వేయాలి. మన ఉదాహరణలో 2025 జనవరి 10లోపు. లోపాన్ని మోసంతో దాచారని రుజువైతే అమ్మినవారు ఈ గడువును అడ్డం పెట్టుకోలేరు. అయినా ఆ రుజువు తమ మీదే పడుతుంది కనుక కొన్నవారు ఆరు నెలలను దాటనివ్వకూడదు. గడువు కంటే ముందే హక్కు పోయే దారులు కూడా ఉన్నాయి. లోపం తెలిశాక కారును అమ్మకానికి పెట్టడం, ఏమీ జరగనట్టు తిప్పుకోవడం లోపాన్ని ఒప్పుకున్నట్టుగా కనిపిస్తాయి. కొన్నవారి దగ్గర మరో కొత్త లోపం వస్తే కారు తిప్పి ఇచ్చే దారి మూసుకుపోయి, ధర తగ్గించమని అడగడమే మిగలవచ్చు. కాబట్టి లోపం కనిపించిన వెంటనే కారు ఆపి, ఫోటోలు తీసి, గ్యారేజీ నుంచి రాతపూర్వక నివేదిక తీసుకుని, విప్పి బాగుచేయించక ముందే అమ్మినవారికి లిఖితంగా తెలియజేయాలి. దుబాయ్‌లో చాలా సివిల్ తగాదాలు ముందు కోర్టుల సామరస్య పరిష్కార కేంద్రానికి వెళ్తాయి. కోర్టుదాకా వస్తే కోర్టు నియమించే నిపుణుడి నివేదికకే బరువు ఎక్కువ. బాగుచేసేసిన కారులో ఆ నిపుణుడికి చూడటానికేమీ మిగలదు.

ఇక్కడ చెప్పినదంతా 1985 చట్టం పాఠాన్ని అనుసరించినది. ఒప్పందం కుదిరిన రోజున ఏ పాఠం అమల్లో ఉందో దాన్నే చూడాలి. ఒప్పందం మీద తేదీ తప్పనిసరి కావడానికి అది ఇంకో కారణం.

అమ్మినవారు దేశం విడిచి వెళ్తే

ఈ హక్కులన్నీ కాగితం మీదివే, అమ్మినవారు వీసా రద్దు చేసుకుని విమానమెక్కితే ఎవరిని పట్టుకుంటారన్నది చివరి అభ్యంతరం. ప్రవాసుల మధ్య అమ్మకాల్లో దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ 2020 జనవరి 17న భారత ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద యూఏఈని పరస్పర గుర్తింపు గల దేశంగా ప్రకటించింది. దాంతో దుబాయ్, అబుదాబి, షార్జా కోర్టులు సహా నోటిఫికేషన్‌లో పేర్కొన్న కోర్టుల డబ్బు డిక్రీలను భారతదేశంలో జిల్లా కోర్టు ద్వారా నేరుగా అమలు చేయించుకోవచ్చు, అక్కడ మళ్లీ దావా వేయనక్కరలేదు. కరీంనగర్‌కో అమలాపురానికో తిరిగి వెళ్లిన అమ్మకందారు ఈ డిక్రీకి అందని దూరంలో లేడు. అయితే డిక్రీ రావాలంటే అతనికి నోటీసు సరైన చోటికి అందాలి. నోటీసు సరిగా అందలేదని తేలితే అమలు దగ్గర ఆ డిక్రీని భారత కోర్టు తిరస్కరించవచ్చు. పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామా, పనిచేసే ఈమెయిల్ ఒప్పందంలో ఉండటం వల్ల ఆ అవాంతరం తొలగుతుంది. కొన్నివేల దిర్హాముల లోపానికి ఇంత దూరం వెళ్లడం గిట్టుబాటు కాకపోవచ్చు. కారు మొత్తం ధర పోయినప్పుడు గిట్టుబాటు అవుతుంది.

ఈ చివరి దారి కూడా ఒప్పందం మొదటి పేజీలో ఏం రాశారన్నదాని మీదే ఆధారపడింది. అమ్మినవారికి ఏం తెలుసో, కొన్నవారికి ఏం చెప్పారో రాసి ఉంటే కోర్టు ముందు మిగిలే ప్రశ్న చిన్నది. చెప్పినది నిజమా కాదా అన్నదే. ‘ఇకపై క్లెయిమ్ ఉండదు’ అని మాత్రమే రాసుకుంటే, ఎవరికి ఏం తెలుసో మొదటి నుంచీ తవ్వాలి. ఆ తవ్వకంలో నిజాయితీగా అమ్మినవారు కూడా తమ నిజాయితీని చూపుకోలేక నష్టపోవచ్చు. కారు గురించి తెలిసినదంతా రాయమని కోరడం అమ్మేవారి మీద అనుమానం కాదు. తెలియని లోపాలకు తాను బాధ్యుణ్ణి కానని చెప్పుకునే హక్కు ఆయనకు ఆ రాతతోనే గట్టిపడుతుంది.